1.5 దాటిన ప్రాజెక్టు: డిస్కౌంట్ రేటు తీర్పును ఎక్కడ మారుస్తుంది

మన దగ్గర సాగునీటి ప్రాజెక్టు సమగ్ర నివేదిక, అంటే డీపీఆర్, చేతికొస్తే చాలామంది ముందు చూసేది ఒక్క అంకె. ప్రయోజన-వ్యయ నిష్పత్తి ఎంత? 1.5 ఉంటే సరే. కరవు ప్రాంతమో, కొండ ప్రాంతమో అయితే 1 ఉన్నా చాలు. ఈ గేటు వెనక పెద్ద చరిత్రే ఉంది. 1964లో గాడ్గిల్ కమిటీ వచ్చేదాకా సర్కారుకు నీటి తీరువా రూపంలో ఎంత తిరిగొస్తుందన్నదే కొలబద్ద. రైతు పొలంలో పెరిగే పంట విలువను లెక్కలోకి తెచ్చింది ఆ కమిటీయే. అది మంచి మార్పు. ఆ పద్ధతిలో మిగిలిపోయిన లోటు ఒకటుంది: కాలం. నేను ప్రాజెక్టు లెక్కలు పరిశీలించేటప్పుడు ఎక్కువ సమయం తీసుకునేది ఆ ఒక్క చోటే. అందుకే దీన్ని అంకెలతో పూర్తిగా విప్పి చూపిస్తాను.

కేంద్ర జల సంఘం నమూనాలో నిష్పత్తి ఇలా కడతారు. ప్రాజెక్టు పూర్తయి, ఆయకట్టు అంతా సాగవుతున్న ఒక మామూలు సంవత్సరాన్ని తీసుకుంటారు. ప్రాజెక్టు వచ్చాక ఆ ఏడాది పంట నికర విలువలోంచి, ప్రాజెక్టు లేనప్పటి నికర విలువ తీసేస్తారు. మిగిలింది ప్రయోజనం. వ్యయం వైపు పెట్టుబడి మీద ఏటా 10 శాతం వడ్డీ, 1 శాతం తరుగుదల, దాని మీద నిర్వహణ ఖర్చు. ఎత్తిపోతలైతే కరెంటు బిల్లు, పంపులకు విడిగా తరుగుదల కూడా చేరతాయి. పంపులకు 12 ఏళ్ళ ఆయుష్షు చొప్పున తరుగుదల 8.33 శాతం. పై మొత్తాన్ని కింది మొత్తంతో భాగిస్తే నిష్పత్తి వచ్చేసింది.

రేపు వచ్చే రూపాయిని ఇవాళ్టి విలువకు తగ్గించేది డిస్కౌంట్ రేటు. అది చేయాల్సిన పనిని ఇక్కడ ఆ 10 శాతం వడ్డీ చేస్తోంది. అయితే ఈ లెక్కలో డబ్బంతా ఒక్క రోజులో ఖర్చయిపోయి, మర్నాటినుంచి చివరి తూము దాకా నీళ్ళు పారుతున్నట్టే ఉంటుంది. కట్టడానికి ఐదేళ్ళు పట్టినా, పాతికేళ్ళు పట్టినా నిష్పత్తి కదలదు. ఏ ఏటి ఖర్చును, ఏ ఏటి ప్రయోజనాన్ని ఆ ఏటి నుంచి ఇవాళ్టి విలువకు తెచ్చి కలిపితే వచ్చేది నికర వర్తమాన విలువ. అది కట్టినప్పుడు మొదట బయటపడేది ఇదే.

గేటు దగ్గర సరిగ్గా నిలిచిన ప్రాజెక్టు

ఊహించిన ప్రాజెక్టు ఒకటి తీసుకుందాం. దాని అంకెలు నేను కల్పించినవి కావు, గేటు నిబంధన నుంచే పుట్టేవి. పెట్టుబడి 100 అనుకోండి. కోట్లో, వందల కోట్లో మీ ఇష్టం. గ్రావిటీ కాలువ, పంపుల్లేవు. ఏటా వడ్డీ 10, తరుగుదల 1, నిర్వహణ సుమారు 1, మొత్తం 12. నిష్పత్తి సరిగ్గా 1.5 రావాలంటే ఏటా ప్రయోజనం 18 ఉండాలి. వడ్డీ, తరుగుదల రెండూ పెట్టుబడికి మరో రూపం. నికర వర్తమాన విలువలో పెట్టుబడిని ఖర్చు పెట్టిన ఏడాదిలోనే నేరుగా తీసేస్తాం కాబట్టి వాటిని మళ్ళీ లెక్కేయకూడదు. కొత్తగా ఈ పని చేసేవాళ్ళు పదేపదే జారేది ఇక్కడే: డీపీఆర్‌లోని వార్షిక వ్యయాన్ని యథాతథంగా స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, పెట్టుబడిని కూడా విడిగా తీసేస్తారు. అప్పుడు ఖర్చు రెండుసార్లు పడుతుంది. సరిగా చేస్తే ఏటా నికరంగా మిగిలేది 18లోంచి నిర్వహణ 1 పోగా 17.

అంటే 100 పెట్టుబడికి ఏటా 17. చూడ్డానికి 17 శాతం రాబడి. ఇప్పుడు దీన్ని కాలం మీద పరుద్దాం.

మొదటి రూపంలో పనులు ఐదేళ్ళలో పూర్తవుతాయి, ఏటా 20 చొప్పున ఖర్చు. ఆరో ఏడు నీళ్ళొస్తాయి. కానీ మొదటి ఏడాదే ఆయకట్టంతా పారదు. పిల్ల కాలువలు తవ్వాలి, పొలాలు చదును కావాలి, రైతు పంట మార్చుకోవాలి. అందుకని ఆరో ఏట ఐదో వంతు, ఏడో ఏట ఐదింట రెండు వంతులు, ఇలా పెరుగుతూ పదో ఏట పూర్తి ప్రయోజనం 17 వస్తుంది. మొత్తం 50 ఏళ్ళు నీళ్ళిచ్చి 55వ ఏట లెక్క ముగుస్తుంది.

రెండో రూపంలో అదే ఖర్చు, అవే పొలాలు. పనులు మాత్రం 15 ఏళ్ళు సాగుతాయి. భూసేకరణ కేసులు, రైల్వే క్రాసింగ్ అనుమతి, బడ్జెట్‌లో ఏటా కాస్త కాస్త కేటాయింపు, ఇలా కారణాలు మనందరికీ తెలిసినవే. పదహారో ఏట నీళ్ళు మొదలు.

మూడో రూపంలో ఆ ఆలస్యానికి తోడు, డిజైన్ ఆయకట్టులో ప్రయోజనం 75 శాతమే దక్కుతుంది. స్థూల ప్రయోజనం 18 నుంచి 13.5కి పడిపోతుంది, నిర్వహణ 1 అలాగే ఉంటుంది. మిగిలేది 12.5.

ప్రతి రూపానికీ ఒక కాలమ్‌లో ఏడాదివారీ నికర మొత్తాలు వేసి, రేటును విడిగా ఒక సెల్లో ఉంచితే చాలు:

```
=NPV($B$1, C2:C66)
=IRR(C2:C66)
```

ఎక్సెల్‌లో NPV ఫంక్షన్ మొదటి సెల్లోని మొత్తాన్ని కూడా ఒక ఏడాది వెనక్కి తెస్తుంది. ఇవాళే పెట్టే ఖర్చు ఉంటే దాన్ని బయట విడిగా కలపాలి. పై లెక్కలో C2 మొదటి ఏడాది చివరి మొత్తం కాబట్టి ఇబ్బంది లేదు. ఫలితాలు ఇవీ, పెట్టుబడి 100 అన్న కొలతలో:

| డిస్కౌంట్ రేటు | సకాలంలో పూర్తి | 15 ఏళ్ళ నిర్మాణం | ఆలస్యం, 75 శాతం ప్రయోజనం |
|---|---|---|---|
| 4% | +185 | +111 | +62 |
| 6% | +93 | +34 | +8 |
| 8% | +42 | −1 | −16 |
| 10% | +11 | −17 | −26 |
| 12% | −7 | −25 | −30 |

మూడింటికీ డీపీఆర్‌లో నిష్పత్తి ఒకటే, 1.5. ఎందుకంటే డీపీఆర్ రాసే రోజున అందరూ మొదటి రూపాన్నే ఊహిస్తారు.

విలువ సరిగ్గా సున్నా అయ్యే రేటు, అంటే అంతర్గత రాబడి రేటు, మొదటి రూపంలో 11 శాతానికి కాస్త పైన, రెండో రూపంలో దాదాపు 8, మూడో రూపంలో సుమారు 6.5 వస్తుంది. కాగితం మీది 17 శాతం ఇలా కరిగింది. సకాలంలో పూర్తయినా 17 నుంచి 11కి దిగడానికి కారణం ఐదేళ్ళ నిర్మాణం, ఐదేళ్ళ ఆయకట్టు పెరుగుదల. అక్కణ్ణుంచి 8కి దించింది ఒక్క ఆలస్యమే, అదీ ఖర్చు ఒక్క రూపాయి పెరక్కుండా. 1.5లో ఒకటికి పైన ఉన్న ఆ అర భాగాన్ని అనుకోని ఇబ్బందులకు పెట్టుకున్న జాగ్రత్త అనుకుంటాం కదా. 10 శాతం రేటు దగ్గర ఆ జాగ్రత్త మొత్తాన్ని ఆలస్యం ఒక్కటే మింగేసి, ఇంకా అప్పు మిగిల్చింది.

నిజానికి 15 ఏళ్ళు కడుతున్న ప్రాజెక్టులో ఎనిమిదో, పదో ఏట కుడి కాలువ కింద కొంత భూమికి నీళ్ళివ్వొచ్చు. అలా ఇస్తే రెండో కాలమ్ కాస్త మెరుగుపడుతుంది. అందుకే హెడ్‌వర్క్స్ పూర్తయ్యేదాకా కాలువ పనులు మొదలుపెట్టని షెడ్యూలు కనిపిస్తే నేను అక్కడే ఆగి ప్రశ్న వేస్తాను. ఆనకట్టకు గేట్లు బిగించి, నీళ్ళు నింపి, డిస్ట్రిబ్యూటరీలు లేక ఆ నీళ్ళు చూస్తూ కూర్చోవడం కన్నా ఖరీదైన ఆలస్యం లేదు. ఎందుకంటే అప్పటికి డబ్బులో పెద్ద వాటా ఖర్చయిపోయి ఉంటుంది.

75 శాతం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగొచ్చు. డీపీఆర్‌లో పంటల సరళి చూడండి. ఆరుతడి పంటలు ఎక్కువ, వరి తక్కువ అని ఉంటుంది. కాలువ వచ్చాక ఎగువన ఉన్న రైతు వరి వేస్తాడు. తూము పక్కనే ఉంది, మద్దతు ధరకు కొనేది వడ్లనే, అతని నిర్ణయంలో తప్పేమీ లేదు. 1 టీఎంసీతో ఆరుతడికి ఉజ్జాయింపుగా 10 వేల ఎకరాలు పారితే, వరికి అందులో సగం పైచిలుకు మాత్రమే పారుతుంది. మొత్తం నీళ్ళు అవే కాబట్టి చివరి భూములు ఎండుతాయి. అందుకే డీపీఆర్‌లో ఆయకట్టు అంకెను నేను ఎకరాల్లో నమ్మను. ఎన్ని టీఎంసీలున్నాయి, వాటిని అక్కడి రైతు నిజంగా వేసే పంటతో భాగిస్తే ఎన్ని ఎకరాలొస్తాయని వెనక నుంచి చూస్తాను. పక్క ప్రాజెక్టు కింద పదేళ్ళుగా ఏ పంటలు వేశారో రెవెన్యూ అడంగల్‌లో ఉంటుంది. దానికి మించిన ఆధారం లేదు.

ఏ రేటు వాడాలి

పట్టికలో మూడో కాలమ్ మళ్ళీ చూడండి. 6 దగ్గర +8, 8 దగ్గర −16. డిస్కౌంట్ రేటు తీర్పును మార్చేది ఇలాంటి చోటే. 6.5 కన్నా కింద ఎక్కడ నిలబడ్డా ప్రాజెక్టు కట్టాలి, పైన నిలబడితే వద్దు. మరి ప్రపంచంలో వాడుకలో ఉన్న రేట్లు ఆ గీతకు రెండు వైపులా ఉన్నాయి. బ్రిటిష్ ప్రభుత్వం మొదటి 30 ఏళ్ళకు 3.5 శాతం, ఆ తర్వాత ఇంకా తక్కువ వాడుతుంది. ప్రపంచ బ్యాంకు చాలాకాలం 10 నుంచి 12 శాతం వాడింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు కూడా 12 నుంచి 2017లో 9కి దిగింది. మన దగ్గర 1983లో నితిన్ దేశాయ్ కమిటీ నిష్పత్తిని పక్కనపెట్టి అంతర్గత రాబడి రేటునే చూడమని, మామూలుగా 9 శాతం, కరవు ప్రాంతాలకు 7 శాతం గీతగా పెట్టమని సూచించింది. ఆ సూచన ప్రకారం మన మూడో రూపం కరవు ప్రాంతంలో ఉన్నా గేటు దాటదు. రెండో రూపం కరవు ప్రాంతంలో దాటుతుంది, మిగతా చోట్ల దాటదు. మొదటిది ఎక్కడైనా దాటుతుంది. ఆ కమిటీ మాట నిలిచి ఉంటే ఆలస్యం అనేది మంజూరు దశలోనే లెక్కకొచ్చేది.

రేటు ఎంచుకునేటప్పుడు జరిగే అసలు పొరపాటు వేరే ఉంది. డీపీఆర్‌లో ధరలన్నీ ఒక ఏడాది రేట్ల ప్రకారం ఉంటాయి. 40వ ఏట వడ్ల ధర కూడా ఇవాళ్టి ధరే. అంటే ద్రవ్యోల్బణం ప్రయోజనాల్లో లేదు. అలాంటప్పుడు రేటులోనూ ద్రవ్యోల్బణం ఉండకూడదు. కానీ "రాష్ట్రం అప్పు తెచ్చేది 7.5 శాతానికి, అదే వాడాం" అని నోట్‌లో రాస్తారు. ఆ 7.5లో ధరల పెరుగుదల కలిసే ఉంది. ద్రవ్యోల్బణం 4.5 అనుకుంటే అసలు రేటు 1.075ను 1.045తో భాగించగా వచ్చే దాదాపు 3 శాతమే. మూడో రూపానికి 7.5 వాడితే నష్టం, 3 వాడితే మంచి లాభం. విధానం మీద ఏ వాదనా అక్కర్లేకుండా, కేవలం ఒక కలగాపులగం వల్ల తీర్పు తలకిందులవుతుంది. కాబట్టి నా మొదటి ప్రశ్న రేటు ఎంతని కాదు, ధరలు స్థిరమైనవా, ప్రస్తుత ధరలా అని.

అలాగని అప్పు ఖరీదు 3 శాతమే కాబట్టి 3 వాడేద్దామంటే అదీ సరికాదు. సర్కారు దగ్గర డబ్బుకు పరిమితి ఉంది. ఈ కాలువకు పెట్టిన డబ్బు ఇంకో చోట, రోడ్డుకో, పాత కాలువల ఆధునికీకరణకో పెడితే ఎంత వచ్చేదన్నది ఒక కొలత. ఆ కొలత సాధారణంగా ఎక్కువ రేటు చెబుతుంది. ఇంకో కొలత తరాల వైపు నుంచి వస్తుంది. రాబోయే తరాలు మనకన్నా ధనికులైతే, వాళ్ళ చేతికొచ్చే రూపాయికి ఇవాళ్టి పేదవాడి రూపాయంత విలువ ఉండదు. ఈ లెక్కలో రేపటికన్నా ఇవాళే కావాలనే ఓపికలేమికి 1 శాతం తీసుకుని, తలసరి ఆదాయ వృద్ధిని 1.5తో గుణించి దానికి కలుపుతారనుకోండి. వృద్ధి 5 శాతం అనుకుంటే రేటు 8.5 వస్తుంది, 3 శాతం అనుకుంటే 5.5. మన మూడో రూపం ప్రాజెక్టు 6.5 దగ్గర ఉంది. అంటే ఆ కాలువ తవ్వాలా వద్దా అన్నది, రాబోయే 50 ఏళ్ళలో దేశం ఎంత వేగంగా ఎదుగుతుందన్న నమ్మకం మీద నిలబడింది. అలాంటి ప్రాజెక్టును ఒకే రేటు దగ్గర కట్టిన విలువతో మంజూరు చేయడం గానీ, తిరస్కరించడం గానీ నాకు సమ్మతం కాదు. ఆ 6.5 అంకెనే ఫైలులో పెద్దక్షరాలతో రాయాలి, నిర్ణయం తీసుకునేవాళ్ళు దాన్ని చూసి తీసుకోవాలి.

పైగా అలాంటి చోట మిగతా అంకెలు ఎంత కదిలితే తీర్పు మారుతుందో కూడా పక్కనే రాయాలి. మూడో రూపంలో 6 శాతం దగ్గర మిగులు 8 అన్నాం. ఖర్చు వర్తమాన విలువ 65. ఖర్చు నిజంగా 13 శాతం పెరిగితే ఆ మిగులు పోతుంది. నిజంగా అంటే సిమెంటు, ఇనుము ధరలు అన్నిటితో పాటు పెరగడం కాదు, డిజైన్ మారి మట్టి పని ఎక్కువవడమో, పునరావాస కుటుంబాల సంఖ్య పెరగడమో. సవరించిన అంచనాలు వచ్చినప్పుడు ఈ రెంటినీ విడదీయకుండా "వ్యయం రెట్టింపయింది" అనేస్తాం. ధరల పెరుగుదల ప్రయోజనాలకూ వర్తిస్తుంది, అందుకని అది నికర విలువను పెద్దగా కదిలించదు. పరిమాణాల పెరుగుదల కదిలిస్తుంది.

రేటు చేతిలో లేని ప్రాజెక్టు: కాళేశ్వరం

గ్రావిటీ ప్రాజెక్టులో ఖర్చంతా ముందు, ఫలం తర్వాత. అందుకే రేటుకు అంత బలం. ఎత్తిపోతల్లో ఖర్చు ఏటా వస్తూనే ఉంటుంది. అక్కడ రేటు తగ్గిస్తే ఎంతవరకు పని జరుగుతుందో చూడ్డానికి కాళేశ్వరం కన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు, దాని అంకెలు కాగ్ నివేదికలో అందరి ముందూ ఉన్నాయి కాబట్టి.

2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన ఆ నివేదిక ప్రకారం, జల సంఘానికి చూపిన వ్యయం సుమారు 81,911 కోట్లు. అది 1,47,427 కోట్లు దాటవచ్చని కాగ్ అంచనా. డీపీఆర్ నిష్పత్తి 1.51. ప్రయోజనాలను ఎక్కువ చేసి, వార్షిక ఖర్చును తక్కువ చేసి చూపారని, సరిచేస్తే అది 0.75 అని, పెరిగిన వ్యయంతో 0.52 అని కాగ్ తేల్చింది. పూర్తిస్థాయిలో నడిస్తే ఏటా నిర్వహణకు దాదాపు 10,647 కోట్లు, అందులో కరెంటుకే 10,374 కోట్లు. కొత్త ఆయకట్టు 18.25 లక్షల ఎకరాలు, స్థిరీకరణ మరో 18.83 లక్షల ఎకరాలు.

ఇక్కడ నేను ప్రయోజనాన్ని ఊహించను. లెక్కను తిరగేసి, ప్రాజెక్టు సరిసమానం కావాలంటే ఎకరానికి ఏటా ఎంత అదనపు నికర ఆదాయం రావాలో అడుగుతాను. కొత్తది, స్థిరీకరణ కలిపి 37.08 లక్షల ఎకరాల మీద నిర్వహణ ఖర్చును పంచితే ఎకరానికి 28,700 రూపాయలు. పెట్టుబడిలో ఒక్క రూపాయి కూడా ఇంకా తిరిగి రాలేదు. పెరిగిన వ్యయాన్ని 50 ఏళ్ళకు పంచుతూ, రేటు సున్నా అనుకుంటే ఇంకో 8 వేలు కలిసి 36,700 అవుతుంది. 4 శాతం రేటు దగ్గర 47,200. 10 శాతం దగ్గర 68,800. నిర్మాణ కాలం ఆలస్యాన్ని ఇందులో కలపలేదు, కలిపితే ఇంకా పెరుగుతాయి. 2023 అక్టోబరులో ఈ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి, ఆ మరమ్మతు ఖర్చు, ఆగిన నీళ్ళ నష్టం కూడా ఇందులో లేవు.

ఈ ఎకరం లెక్కకు ఒక కొలత పెడదాం. 2023–24లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాల్‌కు 2,183. ఎకరానికి 25 క్వింటాళ్ళు పండితే మొత్తం అమ్మకం 54,575. దున్నకం, నాట్లు, ఎరువులు, కోత మిషను అన్నీ పోగా మిగిలేది అందులో కొంతే. స్థిరీకరణ భూముల్లో పంట అంతకు ముందు కూడా ఉంది, అక్కడ ప్రాజెక్టు తెచ్చేది తేడా మాత్రమే. కాబట్టి రేటు సున్నా పెట్టినా, ప్రతి ఎకరంలో ఏటా 36,700 నికర పెరుగుదల చూపించడం కష్టం.

న్యాయంగా రెండు సర్దుబాట్లు చేయాలి. ఈ నీళ్ళన్నీ పొలాలకే కాదు. సాగుకు 169 టీఎంసీలైతే హైదరాబాద్ తాగునీటికి 30, దారిలో ఊళ్ళకు 10, పరిశ్రమలకు 16. ఆ వాటా ప్రకారం పావు వంతు ఖర్చును తాగునీటికి, పరిశ్రమలకు రాస్తే సున్నా రేటు దగ్గర 36,700 కాస్తా 27,500 అవుతుంది. రెండోది, కరెంటు విలువ. బిల్లు మీది టారిఫ్ ఆర్థిక వ్యయం కాదు. పంపులను సోలార్ కరెంటు మిగిలిపోయే పగటి వేళల్లోనే నడపగలిగితే సమాజానికి దాని ఖరీదు తక్కువ. కరెంటును సగం ధరకే లెక్కేస్తే, పంపకానికి ముందు అంకెలో ఎకరానికి దాదాపు 14 వేలు తగ్గుతాయి. రేటును 4 నుంచి సున్నాకు దించితే తగ్గేది పదిన్నర వేలే. కరెంటు మీద ఒక్క ఊహ, రేటు మీద అంత పెద్ద మార్పుకన్నా బరువైందన్నమాట.

వరద బాగా ఉన్న ఏడాది ఎగువనున్న ఎల్లంపల్లి జలాశయానికి పైనుంచే నీళ్ళొస్తే మేడిగడ్డ నుంచి ఎత్తాల్సిన పని తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది. నిజమే. అయితే ఆ ఏడాది ఆ నీళ్ళు ఆ పంపులు తెచ్చినవి కావు కాబట్టి, వాటి ప్రయోజనం కూడా ఆ పంపుల ఖాతాలో రాయకూడదు. ఖర్చు తగ్గించి, ప్రయోజనం పూర్తిగా ఉంచిన పట్టికలు నేను చాలా చూశాను. "ప్రాజెక్టు లేకపోతే" అన్న కాలమ్‌ను నిజాయితీగా నింపితే ఇది వెంటనే దొరికిపోతుంది.

సగంలో ఉన్న ప్రాజెక్టు

మళ్ళీ మన ఊహా ప్రాజెక్టు మూడో రూపానికొద్దాం. 10 శాతం రేటు దగ్గర అది −26. పేలవమైన ప్రాజెక్టు. కానీ ఎవరూ ఆ లెక్క చూడలేదు, పనులు మొదలయ్యాయి, పదేళ్ళు గడిచాయి, 67 ఖర్చయింది. ఇప్పుడు కొత్త సర్కారు వచ్చి "ఆపేద్దామా?" అని అడిగితే?

ఖర్చయిన 67 ఎలాగూ తిరిగిరాదు, లెక్కలోంచి పోతుంది. మిగిలిన 33ను ఐదేళ్ళలో పెడితే, దాని వర్తమాన విలువ 10 శాతం దగ్గర 25. ఆ తర్వాత వచ్చే ప్రయోజనం, 75 శాతం మాత్రమే అయినా, 64. నికరంగా +39. 12 శాతం రేటు పెట్టినా +23. మొదలుపెట్టే రోజున 6.5 దాటితే పనికిరాని ప్రాజెక్టు, పదేళ్ళ తర్వాత మామూలుగా వాడే ఏ రేటు దగ్గరైనా పూర్తిచేయాల్సిందే అవుతోంది. రెండు లెక్కలూ సరైనవే, అడిగిన రోజు వేరు.

1996–97లో సత్వర సాగునీటి ప్రయోజన కార్యక్రమం మొదలైనా, 2016లో ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన కింద 99 ప్రాజెక్టులను ఎంచి ముందు పూర్తిచేయాలనుకున్నా, దాని వెనకున్న తర్కం ఇదే, అది సరైన తర్కమే. దాని రెండో ముఖాన్ని మాత్రం డీపీఆర్ రాసేవాళ్ళు ఎరిగే ఉంటారు. శంకుస్థాపన చేసి, మట్టి పని చేయించి, మూడింట రెండు వంతుల డబ్బు ఖర్చు పెట్టిస్తే ఆ తర్వాత మామూలుగా వాడే ఏ డిస్కౌంట్ రేటూ దాన్ని ఆపలేదు. ఒకేసారి పది ప్రాజెక్టులు మొదలుపెట్టి, బడ్జెట్‌ను పదికీ పంచితే పదీ 15 ఏళ్ళ కాలమ్‌లోకి జారతాయి. అదే డబ్బుతో రెండు రెండు చొప్పున వరసగా కడితే, ముందు కట్టినవైనా మొదటి కాలమ్‌లో ఉంటాయి.

అందుకని పరిశీలనకొచ్చే కొత్త ప్రాజెక్టు ఫైలులో నేను అడిగేది నిష్పత్తి కాదు. రాష్ట్రంలో ఇప్పటికే నడుస్తున్న పనులకు ఇంకా ఎంత కావాలి, ఏటా సాగునీటికి వచ్చే కేటాయింపు ఎంత అన్న రెండు అంకెలు అడుగుతాను. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఈ కొత్త ప్రాజెక్టుకు డబ్బు అసలు ఏ ఏటి నుంచి మొదలవుతుందో తెలుస్తుంది. ఆ ఏడాది నుంచి పట్టిక వేసి, 6, 9, 12 శాతాల దగ్గర విలువ కట్టి, విలువ సున్నా అయ్యే రేటును మంజూరు నోట్ మొదటి పేజీలోనే రాయిస్తాను.